అప్‌గ్రేడ్ తర్వాత తెలుగు తడబడితే: ఇంట్లోనే సరిచేసుకునే చిట్కాలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. అప్పటి నుంచి చాలా ఇళ్లలో పాత కంప్యూటర్లు విండోస్ 11కు మారుతున్నాయి. మారిన మర్నాడు తాతగారి వంశచరిత్ర ఫైలు తెరిస్తే అక్షరాలు వేరేగా కనిపిస్తాయి, లేదా డబ్బాలుగా మారిపోతాయి. కీబోర్డు చూస్తే అలవాటైన మీట నొక్కినా అలవాటైన అక్షరం రాదు. ఫోను అప్‌డేట్ అయ్యాక మైకు బొమ్మ మాయమవుతుంది. ఇలాంటప్పుడు ఫైలు పాడైందని భయపడి అంతా మళ్లీ టైపు చేయడానికి కూర్చున్నవాళ్లను నేను చూశాను. చాలాసార్లు ఆ శ్రమ అక్కర్లేదు. రాసింది ఫైలులో భద్రంగానే ఉంటుంది. దాన్ని చూపించే ఏర్పాటు మాత్రమే మారి ఉంటుంది.

1. మారింది ఏదో ముందు తేల్చుకోండి

కంప్యూటర్లో తెలుగు కనిపించాలంటే మూడు పనులు విడివిడిగా జరగాలి. మొదటిది, మీరు రాసిన అక్షరం ఫైలులో ఒక సంఖ్యగా నిలవడం. యూనికోడ్‌లో ‘క’ సంఖ్య U+0C15. ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోనులోనైనా ఇదే సంఖ్య. రెండోది, ఆ సంఖ్యలను చదివి ఒత్తులు కిందికీ గుణింతాలు పైకీ చేర్చి, ఫాంటులోని బొమ్మలతో తెరమీద పేర్చడం. మూడోది, మీరు మీట నొక్కినప్పుడు ఏ సంఖ్య పుట్టాలో కీబోర్డు నిర్ణయించడం.

అప్‌గ్రేడ్ ప్రధానంగా రెండో పనినీ మూడో పనినీ కదిలిస్తుంది. పాత రాత సరిగ్గా కనిపిస్తూ కొత్తగా టైపు చేసేది మాత్రమే తేడాగా వస్తే లోపం కీబోర్డులో ఉంది. కొత్తదీ పాతదీ రెండూ వింతగా కనిపిస్తే ఫాంటును చూడాలి. ఈ సంగతి తేలేదాకా ఆ ఫైలులో ఏమీ మార్చకండి, సేవ్ కొట్టకండి. ఒక నకలు తీసి పక్కన పెట్టుకుని, ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే చేయండి.

2. నోట్‌ప్యాడ్ పరీక్ష చేయండి

తేడాగా కనిపిస్తున్న ఫైలు నుంచి రెండు వాక్యాలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. నోట్‌ప్యాడ్ వర్డ్‌లోని ఫాంటు పేరును వెంట తెచ్చుకోదు, అక్షరాల సంఖ్యలను మాత్రమే తెస్తుంది. అక్కడ చక్కటి తెలుగు కనిపిస్తే మీ రాత యూనికోడ్‌లో ఉన్నట్టు. అప్పుడు మూడో చిట్కాకు వెళ్లండి.

అక్కడ తెలుగుకు బదులు నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ప్లస్సులు కలగాపులగంగా వస్తే అది పాత పద్ధతి ఫాంటుతో కొట్టిన ఫైలు. దాని కథ నాలుగో చిట్కాలో ఉంది. ఈ రెండు రకాల ఫైళ్లకు మందు వేరు. ఒకదాని మందు రెండోదానికి వాడితే ఫలితం ఉండదు.

3. గౌతమి ఫాంటు వెనక్కి తెచ్చుకోండి

విండోస్ ఎక్స్‌పీ నుంచి తెలుగుకు గౌతమి ఫాంటు ఉండేది. విండోస్ 7తో వాణి వచ్చింది. 2012లో విండోస్ 8తో భారతీయ లిపులు చాలావాటికి ఒకే ఫాంటుగా నిర్మలా యూఐ వచ్చింది. విండోస్ 10కు వచ్చేసరికి గౌతమి, వాణి రెండూ అందరికీ ఇచ్చే మూట నుంచి తప్పుకుని, కావలసినవాళ్లు తెచ్చుకునే అదనపు ఫాంట్ల జాబితాలో చేరాయి. తెలుగును ఒక భాషగా చేర్చని కంప్యూటర్లో అవి ఉండకపోవచ్చు. అప్పుడు నిర్మలా వచ్చి ఆ ఖాళీ పూరిస్తుంది. తెలుగు కనిపిస్తుంది, కానీ మీకు తెలిసిన ముఖం కాదు.

ఉదాహరణకు, ఎక్స్‌పీ రోజుల్లో గౌతమిలో టైపు చేసిన నలభై పేజీల వంశచరిత్ర ఉందనుకోండి. విషయసూచికలో పేజీ నంబర్లు చేత్తో వేసి ఉన్నాయి. కొత్త కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల వెడల్పు, వరుసల ఎత్తు మారడంతో పేరాలు జరిగిపోతాయి. ‘పెదతాతగారి కాలం’ అన్న అధ్యాయం సూచికలో ఒక పేజీ అని, లోపల మరో పేజీలో ఉంటుంది. ఫొటోల కింద రాసిన పేర్లు తర్వాతి పేజీకి జారతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. వర్డ్ పైన ఫాంటు పెట్టెలో Gautami అనే కనిపిస్తుంది కాబట్టి ఫాంటు ఉందనుకుంటారు. ఆ పెట్టె చూపేది ఫైలు అడుగుతున్న ఫాంటు పేరు. అది కంప్యూటర్లో ఉందో లేదో ఆ పెట్టె చెప్పదు.

నిజం తెలియాలంటే వర్డ్‌లో File > Options > Advanced లోకి వెళ్లి, కిందికి జరిగి Font Substitution నొక్కండి. ఫైలు అడిగినా దొరకని ఫాంట్లు, వాటి స్థానంలో వాడుతున్నవి అక్కడ పక్కపక్కనే ఉంటాయి. గౌతమి పేరు ఆ జాబితాలో ఉంటే వర్డ్ మూసేయండి. విండోస్ సెట్టింగ్స్ వెతుకుపెట్టెలో Optional features అని కొట్టి, కొత్తవి చేర్చే చోట Telugu Supplemental Fonts ఎంచుకోండి. ఇంటర్నెట్ ఉండాలి. దిగిన తర్వాత కంప్యూటర్ ఒకసారి ఆపి తెరిచి, ఫైలు మళ్లీ చూడండి. పేరాలు చాలామటుకు పాతచోటికి వస్తాయి. వర్డ్ వెర్షన్ కూడా మారి ఉంటే ఒకటి రెండు వరుసల తేడా మిగలవచ్చు, దాన్ని చేత్తో సర్దుకోవాలి.

Settings > Time & language > Language & region లో తెలుగును భాషగా చేర్చినా ఈ ఫాంట్లు వాటంతట అవే దిగుతాయి. నేనైతే ఈ దారే ముందు చెబుతాను, ఎందుకంటే దీనితో కీబోర్డు కూడా వస్తుంది. తెలుగును చేర్చినంత మాత్రాన మెనూలన్నీ తెలుగులోకి మారిపోవు. అది వేరే ఎంపిక.

4. డీటీపీ ఫైళ్లకు వాటి సొంత ఫాంటే మందు

శుభలేఖలు, కరపత్రాలు, చాలా పుస్తకాలు అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో తయారయ్యాయి. వాటిలో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు లేవు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గదిలో, ఒత్తు మరో గదిలో ఉంటాయి. ఆ ఫాంటు ఉన్నంతకాలం తెలుగు కనిపిస్తుంది. అప్‌గ్రేడ్‌లో, లేదా కొత్త కంప్యూటర్‌కు మారడంలో ఫాంటు పోతే గదుల అసలు యజమానులైన ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి.

ఇలాంటి రాతకు గౌతమి పెట్టినా, నిర్మలా పెట్టినా తెలుగు రాదు. ఏ ఫాంటుతో కొట్టారో అదే ఫాంటు కావాలి. పాత కంప్యూటర్ డిస్కు ఇంకా ఉంటే C:\Windows\Fonts ఫోల్డర్లో వెతకండి. లేకపోతే ఆ పని చేసిన డీటీపీ కేంద్రాన్ని అడగండి. ఫాంటు పేరు మీకు గుర్తులేకపోతే ముందు చెప్పిన Font Substitution జాబితాలోనే అది దొరుకుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, కొత్తగా పెట్టిన వర్డ్‌లో AutoCorrect పనిచేస్తూ ఉంటుంది. అది వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దబడికి మారుస్తుంది. ఇంగ్లీషుకు అది మేలే. పాత పద్ధతి తెలుగులో మాత్రం చిన్నబడి a గదిలో ఒక ముక్క, పెద్దబడి A గదిలో మరో ముక్క ఉంటాయి కాబట్టి మీరు టైపు చేసే ప్రతి వాక్యం మొదట్లోనూ తప్పు అక్షరం పడవచ్చు. File > Options > Proofing > AutoCorrect Options లో Capitalize first letter of sentences దగ్గరి టిక్కు తీసేయండి. రెండోది, మీ దగ్గరున్న ఫాంటు ఫైళ్ల పేర్ల చివర .pfb, .pfm అని ఉంటే అవి టైప్ 1 రకం. లిబ్రెఆఫీస్ 2017లో 5.3 వెర్షన్‌తోనే ఈ రకాన్ని వదిలేసింది. అడోబ్ 2023 జనవరిలో తన ప్రోగ్రాముల్లో ఆపేసింది. ఈ ప్రోగ్రాముల కొత్త వెర్షన్లలో అవి ఎంత ప్రయత్నించినా పనిచేయవు. అదే ఫాంటుకు .ttf రూపం ఉందేమో చూడాలి.

దీర్ఘకాలం ఉండాల్సిన రచన అయితే యూనికోడ్‌కు మార్చుకోవడమే సరైన పని. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ మార్చాక ఒత్తులు, పొల్లులు, సున్నలు వరుసగా చదివి దిద్దుకోవాలి. దిద్దడం పూర్తయినా పాత ఫైలును చెరపకండి.

5. డబ్బాలు, చుక్కల వలయాలు ఏం చెబుతున్నాయో గమనించండి

అక్షరం స్థానంలో ఖాళీ డబ్బా వచ్చిందంటే సంఖ్య ఉంది, దానికి తగిన బొమ్మ ఫాంటులో లేదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు ఒక్కసారిగా చేరలేదు. ౘ, ౙ అన్నవి 2008లో 5.1 వెర్షన్‌తో వచ్చాయి. నకారపొల్లుకు ప్రత్యేక సంఖ్య 2021లో 14.0 వెర్షన్‌తో వచ్చింది. కొత్త ఫోనులో ఈ గుర్తు వాడి పాత కంప్యూటర్‌కు పంపితే అక్కడ డబ్బా కనిపించడం సహజం. పాత ఫాంటుకు ఆ అక్షరం తెలియదు.

గుణింతం పక్కన చుక్కల వలయం కనిపిస్తే అర్థం వేరు. గుణింతం గుర్తుకు ముందు హల్లు లేదన్నమాట. టైపు చేసిన వరుసలోనే తప్పుంది. అది ఫాంటు మారిస్తే పోదు, ఆ చోటు దిద్దాలి.

ఒత్తులు కిందికి చేరకుండా ‘క్ క’ లాగా విడివిడిగా నిలబడితే పేర్చే యంత్రాంగాన్ని అనుమానించాలి. ఆండ్రాయిడ్‌లో, లిబ్రెఆఫీస్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. ఆపిల్ పరికరాల్లో కోర్‌టెక్స్ట్ చేస్తుంది. ఇదెంత కీలకమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, వాటి వెనక కంటికి కనిపించని విడదీసే గుర్తు, ఆపైన ఆకారం గుర్తు, ఈ వరుస ఒక సందేశంలో వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ‘జ్ఞా’ అని మామూలుగా రాస్తే ఏమీ కాలేదు. మధ్యలో దూరిన ఆ కనిపించని గుర్తే యంత్రాంగాన్ని తికమకపెట్టింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. కాబట్టి పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత అన్ని యాప్‌లలోనూ ఒత్తులు విడిపోతుంటే ఫాంట్లతో కుస్తీ పట్టేముందు చిన్న అప్‌డేట్ ఏదైనా వచ్చిందేమో చూడండి. ఒక్క యాప్‌లోనే విడిపోతుంటే ఆ యాప్‌ను అప్‌డేట్ చేయండి.

6. ‘amma’ కొట్టి చూడండి

విండోస్‌లో తెలుగుకు ప్రధానంగా రెండు కీబోర్డులున్నాయి. Telugu అన్న పేరుతో ఉన్నది ఇన్‌స్క్రిప్ట్. భారతీయ లిపులు చాలావాటికి ఒకే అమరికగా ప్రభుత్వం ప్రమాణంగా నిలిపినది అదే. రెండోది Telugu Phonetic, 2019లో విండోస్ 10 మే నెల అప్‌డేట్‌తో వచ్చింది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో పలుకుబడిని బట్టి కొడతాం. అప్‌గ్రేడ్ తర్వాత ఈ రెంటిలో మీకు అలవాటు లేనిది ఎంపికలోకి వస్తే ఏ మీటకు ఏ అక్షరమో అర్థం కాదు.

amma అని కొట్టండి. ‘అమ్మ’ వస్తే ఫొనెటిక్. మొదటి మీటకే చుక్కల వలయంతో ఓత్వం గుర్తు, తర్వాత స, సో వస్తే ఇన్‌స్క్రిప్ట్. ఇంకా నమ్మకం కావాలంటే h, j, k, l వరుసగా నొక్కండి. ఇన్‌స్క్రిప్ట్‌లో ప, ర, క, త వస్తాయి. amma అన్నది ఇంగ్లీషులోనే ఉండిపోతే మీరింకా ఇంగ్లీషు కీబోర్డులో ఉన్నారు. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే ఒక్కో కీబోర్డుకు మారవచ్చు.

కావలసినది ఆ వరుసలో లేకపోతే Language & region లో తెలుగు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, Language options > Add a keyboard లో చేర్చుకోండి. వాడనిదాన్ని అక్కడే తీసేయండి. రెండూ ఉంచితే పొరపాటున మీటలు తగిలి మళ్లీ మారిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్లో ఇంగ్లీషు ఒకటి, తెలుగు ఒకటి చాలు.

బయటి నుంచి తెచ్చిపెట్టుకున్న టైపింగ్ ప్రోగ్రాముల సంగతి వేరు. విండోస్ కోసం గూగుల్ ఇచ్చిన ఇన్‌పుట్ టూల్స్‌ను ఆ సంస్థ ఎప్పుడో ఆపేసింది. దాని పాత ఫైలును ఎవరో పెట్టిన చోటి నుంచి దింపుకోకండి. మీరు కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డుతో సహా, కీబోర్డు ప్రోగ్రాము గుండానే వెళ్తుంది.

7. ‘సాఫ్ట్‌వేర్’ ఒకసారి రాసి చూసుకోండి

కీబోర్డు మారాక చాలామంది ఆలస్యంగా గమనించే తేడా ఇది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ ఒత్తు చేరకుండా ఆపేది ఐదో చిట్కాలో చెప్పిన కనిపించని గుర్తే, దాని సంఖ్య U+200C. ఒక్కో టైపింగ్ ప్రోగ్రాము దీనికి ఒక్కో మీట పెట్టుకుంది. కొత్త కీబోర్డులో ఆ మీట తెలియక రాస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. చూపుకు ఇబ్బందే కాదు, ఒకే ఫైలులో ఒకే మాట రెండు రకాలుగా ఉంటే వెతికినప్పుడు ఒకటి దొరికి మరొకటి దొరక్కపోవచ్చు.

వర్డ్‌లో ఒక నమ్మకమైన దారి ఉంది. పొల్లు తర్వాత ఇంగ్లీషు కీబోర్డుకు మారి 200C అని కొట్టి, వెంటనే Alt, X కలిపి నొక్కండి. ఆ నాలుగూ మాయమై కనిపించని గుర్తు వచ్చి కూర్చుంటుంది. తర్వాత తెలుగుకు మారి ‘వేర్’ రాయండి. ఎక్కువసార్లు వాడే మాటలను ఒకసారి ఇలా సరిగా రాసి దాచుకుంటే తర్వాత కాపీ చేసుకోవచ్చు.

8. ఫోనులో థీమ్ ఫాంటు తీసి చూడండి

ఫోను అప్‌డేట్ తర్వాత తెలుగు పైభాగం, లేదా ఒత్తుల అడుగు తెగినట్టు కనిపిస్తే ముందు థీమ్‌తో పెట్టుకున్న అలంకార ఫాంటును తీసి, ఫోను అసలు ఫాంటుకు మార్చండి. అలంకార ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు ఎత్తును చూసుకుని చేసినవి. తెలుగుకు పైనా కిందా ఇంకాస్త చోటు కావాలి. అక్షరాల సైజును ఒక మెట్టు తగ్గించినా తెగడం పోతే కారణం అదే.

9. గొంతుతో రాసేది ఆగితే ఈ వరుసలో వెతకండి

గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు 2017 ఆగస్టులో వచ్చింది. వేళ్లు సహకరించని పెద్దవాళ్లకు, చూపు మందగించినవాళ్లకు ఇప్పుడు ఫోనులో రాయడమంటే అదే. అందుకని ఇది ఆగితే వాళ్ల ఉత్తరప్రత్యుత్తరాలే ఆగిపోతాయి.

మొదట వాట్సాప్‌లో ఒక వాయిస్ సందేశం రికార్డు చేసి వినండి. గొంతు వినిపిస్తే మైకు బాగుంది. వినిపించకపోతే పైనుంచి తెరను కిందికి లాగి, Mic access అన్న బిళ్ల ఆపి ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ ఒక్క మీటతో అన్ని యాప్‌లకూ మైకు ఆగిపోతుంది.

తర్వాత కీబోర్డుకు మైకు అనుమతి ఉందో లేదో చూడండి. సెట్టింగ్స్‌లో Apps > Gboard > Permissions > Microphone. ఆండ్రాయిడ్ 11 నుంచి చాలాకాలం వాడని యాప్‌ల అనుమతులను ఫోనే వెనక్కి తీసుకోగలదు.

మూడోది, కీబోర్డే మారిందేమో గమనించండి. అప్‌డేట్ తర్వాత ఫోను కంపెనీ సొంత కీబోర్డు ముందుకొచ్చి నిలబడవచ్చు. సామ్‌సంగ్ కీబోర్డు సెట్టింగ్స్‌లో Voice input దగ్గర గూగుల్‌దా, సామ్‌సంగ్‌దా అని ఎంపిక ఉంటుంది. తెలుగుకు గూగుల్‌ది ఎంచుకోండి.

మైకు వింటోంది కానీ తెలుగు మాటలకు ఇంగ్లీషు మాటలు పడుతున్నాయంటే లోపం వినికిడిలో లేదు, భాష ఎంపికలో ఉంది. జీబోర్డ్‌లో స్పేస్ మీట మీద భాష పేరు చూసి, తెలుగుకు మార్చి మళ్లీ పలకండి. విండోస్ 11లో విండోస్ మీటతో H నొక్కి మాట్లాడేటప్పుడూ ఇదే సూత్రం. అప్పుడు ఏ భాష కీబోర్డు ఎంపికలో ఉందో ఆ భాషగానే వింటుంది. దానికి ఇంటర్నెట్ కూడా ఉండాలి.

10. అప్‌గ్రేడ్ మీట నొక్కేముందు చేయాల్సినవి

ముఖ్యమైన ప్రతి తెలుగు ఫైలునూ పీడీఎఫ్‌గా కూడా దాచండి. మామూలుగా పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది కాబట్టి రూపం మారదు. వర్డ్ ఫైలు రూపం కూడా నిలవాలంటే File > Options > Save లో Embed fonts in the file కు టిక్కు పెట్టండి. దాని కిందే ఉన్న Do not embed common system fonts కు టిక్కు ఉంటే తీసేయండి.

ఫాంటు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. C:\Windows\Fonts ఒక్కటే చూస్తే సరిపోదు. ఒక యూజరు కోసం మాత్రమే పెట్టిన ఫాంట్లు ఆ యూజరు ఫోల్డర్లో AppData\Local\Microsoft\Windows\Fonts లో ఉంటాయి. కొత్త యూజరు ఖాతా తెరిచినప్పుడు ఫాంట్లు మాయమైనట్టు అనిపించేది అందుకే. మళ్లీ పెట్టేటప్పుడు కుడిమీట నొక్కి Install for all users ఎంచుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

కీబోర్డు పేరు కనిపించేలా తెరను ఫొటో తీసుకోండి. ఫోనులో అయితే జీబోర్డ్ Dictionary లో మీరు నేర్పిన ఇంటిపేర్లు, ఊరిపేర్లు ఎగుమతి చేసుకోండి.

మీ ఇంట్లోనో, మీ ఊరి గ్రంథాలయంలోనో పాత కంప్యూటర్ ఒకటి ఇంకా విండోస్ 10 మీద నడుస్తూ ఉంటే, దాన్ని ఎవరికైనా అప్పగించి ఫార్మాట్ చేయించేముందు ఆ ఫాంట్ల ఫోల్డర్లు రెండూ మీ చేతులతో కాపీ చేసి ఉంచండి. పాత పద్ధతిలో కొట్టిన తెలుగును మళ్లీ చదవడానికి ఆ ఫాంటు ఫైళ్లే ఆధారం.